స్టాఫ్ నర్సు నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగానికి: నా దరఖాస్తు లేఖ, తిరగరాయక ముందు, రాశాక

మొదట రాసుకున్నది

గౌరవనీయులైన సర్ లేదా మేడమ్ గారికి,

మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు ముందుగా క్షమించండి. ఈ జూనియర్ టెస్టర్ ఉద్యోగానికి నేను తగిన మనిషిని కాకపోవచ్చని నాకూ తెలుసు. ఐటీ డిగ్రీ లేదు, ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ పనిచేయలేదు. 11 ఏళ్లుగా నర్సుగా మాత్రమే చేశాను. ఈ వయసులో రంగం మారడమేమిటని మీకు అనిపించవచ్చు.

8 నెలలుగా ఇంట్లోనే ఏదో కొద్దికొద్దిగా టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. ఒక సర్టిఫికెట్ ఉంది కానీ అదేమంత గొప్పది కాదు. మా ఆస్పత్రిలోకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు కొంచెం సాయం చేశాను, అంతే. ఆటోమేషన్ రాదనే చెప్పాలి.

ఒక్క అవకాశం ఇస్తే కష్టపడతాను. జీతం ఎంతైనా ఫర్వాలేదు. తీసుకోకపోయినా అర్థం చేసుకుంటాను.

ఈ లేఖను రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే నాకే బాధనిపించింది. ఇందులో అబద్ధం లేదు, కానీ నేను చేసిన పని కూడా లేదు. "కొంచెం సాయం" అన్న మాట వెనక ఆరు వారాలు ఉన్నాయి. కింద తిరగరాసినదాంట్లో కొత్త అర్హత ఒక్కటీ చేర్చలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పాను.

పంపినది

విషయం: జూనియర్ సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగానికి దరఖాస్తు

నియామక బృందానికి నమస్కారం.

ఆస్పత్రి వార్డుల్లో మందుల చార్టు నడిపే సాఫ్ట్‌వేర్ మీరు తయారుచేస్తున్నారు. ఆ చార్టు చూసి రోగులకు మందులు ఇచ్చే స్టాఫ్ నర్సుగా 11 ఏళ్లు పనిచేశాను. ఇకపై అలాంటి సాఫ్ట్‌వేర్‌ను వార్డుకు చేరకముందే పరీక్షించే పని చేయాలని నిర్ణయించుకుని, మీ జూనియర్ టెస్టర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను.

రెండేళ్ల క్రితం మా ఆస్పత్రి కాగితం చార్టు వదిలి కంప్యూటర్‌కు మారింది. వాడకం మొదలయ్యే ముందు దాన్ని ఆరు వారాలు వాడి చూడటానికి నలుగురు నర్సులను ఎంచుకున్నారు, వారిలో నేనొకదాన్ని. ఒక రాత్రి డ్యూటీలో, శిక్షణ కోసం పెట్టిన డమ్మీ రోగికి 11:30 డోసు ఇచ్చినట్టు నమోదు చేయకుండా వదిలేశాను. 12 దాటి తేదీ మారగానే ఆ డోసు "ఈరోజు" జాబితాలోంచి మాయమైంది. ఇవ్వాల్సినవన్నీ ఇచ్చేసినట్టు స్క్రీన్ ఖాళీగా కనిపించింది. నిజం వార్డులో ఆ సమయానికి ఒక నర్సు చేతిలో ఎందరో రోగులుంటారు, జాబితాలో లేని మందు గుర్తుకు రావడం కష్టం. మరో రెండు రాత్రులు అదే చేసి చూశాను. ప్రతిసారీ ఏ నిమిషానికి ఏం నొక్కానో, స్క్రీన్ మీద ఏం వచ్చిందో, ఏం రావాల్సిందో రాసి తయారీదారులకు పంపాను. వాడకం మొదలయ్యేలోగా దాన్ని సరిచేశారు. ఆ ఆరు వారాల్లో నలుగురం కలిసి ఇచ్చిన లోపాల జాబితాలో 23 నేను రాసినవి. అప్పటికి నాకు టెస్టర్ అనే హోదా లేదు, చేస్తున్నదాన్ని బౌండరీ విలువల పరీక్ష అంటారనీ తెలియదు. తర్వాత చదువుకుంటుంటే ఆ పేరు ఎదురైంది.

టెస్టింగ్‌లో నేర్చుకోవాల్సిన కొన్ని అలవాట్లు వార్డు నాకు ముందే నేర్పింది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం: ఈ ఐదూ ప్రతి డోసుకూ మళ్లీ మొదటినుంచి చూడాల్సిందే, నిన్న సరిపోయింది కదా అని వదలకూడదు. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందుల దగ్గర ఇద్దరం విడివిడిగా లెక్క కట్టి, ఆ తర్వాతే పోల్చుకుంటాం. 1.0 అని రాసిన మోతాదులో చుక్క కనబడకపోతే అది 10 అవుతుందని తెలుసు కాబట్టి, అంకెలు చూపించే ఏ స్క్రీన్ తెరిచినా నా కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. రోగి పరిస్థితి డాక్టరుకు ఫోన్‌లో చెప్పేటప్పుడు ఇప్పుడేం జరుగుతోంది, దానికి నేపథ్యమేమిటి, నేనేం అనుకుంటున్నాను, ఏం చేయమంటున్నాను అనే వరసలో చెప్తాం. లోపాల నివేదికలు కూడా అలాగే రాస్తాను, చదివేవాళ్లు మళ్లీ నన్ను అడగాల్సిన పని ఉండకూడదని.

గత 8 నెలలుగా డ్యూటీ లేని వేళల్లో టెస్టింగ్‌ను పద్ధతిగా చదువుతున్నాను. ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్షలో 40 ప్రశ్నలకు 26 సరైతే ఉత్తీర్ణత, నాకు 33 సరయ్యాయి. ఓపెన్‌ఎంఆర్ఎస్ అనే ఓపెన్ సోర్స్ రోగి రికార్డుల సాఫ్ట్‌వేర్ డెమో తీసుకుని, రోగి నమోదు, అలర్జీల నమోదు భాగాలకు 64 టెస్ట్ కేసులు రాసుకుని నడిపాను. అది నా సాధన కోసం చేసుకున్నది, ఆ ప్రాజెక్టు వాళ్లు అప్పగించిన పని కాదు. ఆ టెస్ట్ కేసులు, ఫలితాలు ఈ లేఖతో జతచేశాను. ఎస్‌క్యూఎల్‌లో రెండు మూడు పట్టికలు కలిపి కావాల్సిన వరసలు తీయగలను. పోస్ట్‌మన్‌తో ఏపీఐకి అభ్యర్థన పంపి, జవాబు సరిగా ఉందో లేదో చూడగలను.

ఆటోమేషన్‌లో మొదటి మెట్టు మీద ఉన్నాను. సెలీనియంతో లాగిన్‌కు, రోగి పేరు వెతకడానికి కలిపి 6 చిన్న స్క్రిప్టులు రాశాను, అంతకుమించి చేయలేదు. సాఫ్ట్‌వేర్ బృందంలో జీతానికి పనిచేయడం ఇదే మొదటిసారి అవుతుంది. మీ ప్రకటనలో మాన్యువల్ టెస్టింగ్ ముఖ్యమనీ, ఆటోమేషన్ ఉద్యోగంలో చేరాక నేర్పిస్తామనీ రాశారు. ఆ క్రమం నాకు సరిగ్గా సరిపోతుంది.

మీ డెమో వీడియోలో ఒకటి గమనించాను. పిల్లల బరువు నమోదు చేసే పెట్టెలో కిలోలా గ్రాములా అన్నది, అంకె టైపు చేశాక కనబడటం లేదు. అది ఆ వీడియోలో మాత్రమేనా, అసలు ఉత్పత్తిలోనూ అంతేనా అన్నది నేను చూడలేదు. ఇంటర్వ్యూలో అవకాశమిస్తే ఆ ఒక్క పెట్టెకు నేనైతే ఏయే పరీక్షలు రాస్తానో చూపిస్తాను. ముందుగా ఏదైనా చిన్న పని ఇచ్చి నా పద్ధతి చూడాలనుకున్నా సిద్ధమే.

ప్రకటనలో చెప్పిన జీతం పరిధి నాకు సమ్మతమే. ప్రస్తుత ఉద్యోగంలో నెల రోజుల నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత చేరగలను. ఈ రెండు వారాలు ఉదయం డ్యూటీలో ఉన్నాను కాబట్టి మధ్యాహ్నం 3 తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడతాను.

ఇట్లు,
సుమతి

జతచేసినవి: రెజ్యూమె, ఫౌండేషన్ సర్టిఫికెట్, 64 టెస్ట్ కేసులు వాటి ఫలితాలతో