27వ నంబరు ఖాళీ ప్లాటులోని చెత్త కుప్ప తొలగింపు కోసం కమిషనర్ గారికి అర్జీ

తేదీ: 18 ఆగస్టు 2025, సోమవారం

గౌరవనీయులైన కమిషనర్ గారికి,
నగర పాలక సంస్థ కార్యాలయం.
(ప్రజా సమస్యల పరిష్కార వేదికలో స్వయంగా అందజేసిన అర్జీ)

అర్జీదారు: పి. సుజాత, 3వ వీధి, శ్రీనివాస కాలనీ, 41వ వార్డు.

విషయం: 41వ వార్డు, శ్రీనివాస కాలనీ 3వ వీధిలోని 27వ నంబరు ఖాళీ ప్లాటులో అక్రమంగా పోస్తున్న చెత్తను తొలగించి, మళ్ళీ పోయకుండా కట్టడి చేయవలసిందిగా విన్నపం.

సూచిక: ఇదే విషయమై 21 జనవరి 2025న, 9 జూన్ 2025న మా వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీలు.

అయ్యా,

మా ఇంటి తూర్పు గోడను ఆనుకునే ఈ 27వ నంబరు ప్లాటు ఉంది. సుమారు 240 గజాలు. పన్నెండేళ్ళ కిందట మేము ఇల్లు కట్టుకున్నప్పుడు అందులో ఒక వేపచెట్టు, కాస్త గడ్డి ఉండేవి. సాయంత్రమైతే వీధి పిల్లలు అక్కడే ఆడుకునేవారు. ఇప్పుడు నా భుజమెత్తు చెత్త పేరుకుపోయింది. వేపచెట్టు మొదలు కనపడటం లేదు.

నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. వెలుతురు కోసం మిషను కిటికీ దగ్గర పెట్టుకున్నాను, ఆ కిటికీ ఈ ప్లాటు వైపే ఉంది. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా అక్కడే కూర్చునే దాన్ని కాబట్టి ఎవరు వచ్చి ఏమి పోస్తున్నారో నా కళ్ళముందే జరుగుతోంది. జులై 28 నుంచి ఆగస్టు 10 వరకు రెండు వారాల పాటు, కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో తేదీ, టైము, బండి రకం రాసి పెట్టాను. ఆ పేజీల జిరాక్సు కాపీలు ఈ అర్జీకి జత చేశాను. బండి నంబర్లు కనపడినంత వరకు రాశాను.

ఆ రెండు వారాల్లో రాత్రి పది దాటాక కోళ్ళ వ్యర్థాలు తెచ్చిన ఆటో తొమ్మిది సార్లు వచ్చింది. ఈకలు, పేగులు గోనె సంచుల్లో తెచ్చి విప్పి పోసి వెళ్తారు. ఇళ్ళు పగలగొట్టిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, పాత టైల్స్ వేసుకుని ట్రాక్టరు మూడు సార్లు వచ్చింది. మూడూ ఆదివారం నాడో, తెల్లవారుజామునో వచ్చినవే. మెయిన్ రోడ్డు మీద కొబ్బరి బోండాలు అమ్మే బళ్ళ వాళ్ళు ఖాళీ బోండాలను రోజు విడిచి రోజు తెచ్చి పడేస్తున్నారు. ఇవి కాక ఆగస్టు 6న ఎవరో వదిలి వెళ్ళిన నల్ల కవరు ఒకటి కుక్కలు చింపితే వాడిన సూదులు, సెలైన్ సీసాలు బయట పడ్డాయి. ఆసుపత్రుల వ్యర్థాలను మామూలు చెత్తలో కలపకూడదని చట్టం ఉంది కదా అయ్యా. ఎక్కడి నుంచి వచ్చాయో నేను చూడలేదు కాబట్టి ఎవరి మీదా చెప్పను. ఫోటో మాత్రం తీశాను.

మా వీధి వాళ్ళ తప్పు కూడా దాచకుండా చెప్పాలి. మా ఇళ్ళలోని చెత్త కూడా అందులో ఉంది. చెత్త బండి మా వీధికి వచ్చేసరికి పొద్దున పదిన్నర అవుతుంది. మా వీధిలో పందొమ్మిది ఇళ్ళు ఉంటే, ఆ టైముకు పదకొండు ఇళ్ళకు తాళాలు పడి ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ పనికి పోయే ఇళ్ళవి. వాళ్ళు వెళ్తూ వెళ్తూ కవరు కట్టి ప్లాటులోకి విసిరేస్తున్నారు. మే నెలలో వరుసగా నాలుగు రోజులు బండి రానప్పుడు నేనూ రెండు సార్లు అక్కడే పడేశాను. అది తప్పే. మళ్ళీ చేయలేదు.

జనవరిలో ఇచ్చిన అర్జీ వృథా పోలేదు. ఫిబ్రవరి 6న జేసీబీ వచ్చింది. ఐదు ట్రాక్టర్ల చెత్త ఎత్తారు, బ్లీచింగ్ చల్లారు. ఆ రోజు వచ్చిన పారిశుద్ధ్య కార్మికులకు మా వీధి తరఫున కృతజ్ఞతలు. వాళ్ళలో ఒకతనికి గాజు పెంకు గుచ్చుకుని కాలు తెగింది. చేతులకు గ్లోవ్స్ గానీ కాళ్ళకు గట్టి బూట్లు గానీ లేవు. మా ఇంట్లో ఉన్న దూది, పసుపు పెట్టి కట్టు కట్టి పంపాం. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఈసారి వచ్చేవాళ్ళకు అవి తప్పకుండా ఇప్పించమని వేడుకుంటున్నాను, ముఖ్యంగా సూదులు ఉన్నాయి కనుక.

అంత కష్టపడి శుభ్రం చేసిన ప్లాటు ఇరవై రోజులు తిరక్కుండానే మళ్ళీ నిండింది. ఎందుకంటే చెత్త ఎత్తారు గానీ చెత్త వచ్చే దారి అలాగే ఉంది. ప్లాటుకు ముందువైపు గోడ లేదు, కంచె లేదు. ఎదురుగా ఉన్న స్తంభానికి లైటు వెలగదు. చెత్త బండి టైము మారలేదు. పోసినవాడికి ఒక్కసారి కూడా జరిమానా పడలేదు. ఇవన్నీ అలాగే ఉంచి ఇంకో జేసీబీ పంపితే ఆ డీజిలు ఖర్చు, ఆ కార్మికుల కష్టం మళ్ళీ మట్టిలో పోసినట్టే. నేను ఈ అర్జీ ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

జూన్ 9న రెండోసారి అర్జీ ఇచ్చినప్పుడు, అది ప్రైవేటు స్థలం కాబట్టి ఓనరే శుభ్రం చేసుకోవాలని చెప్పి పంపారు. ఓనరు గారు ఈ ఊళ్ళో ఉండరు. వారి పేరు గానీ చిరునామా గానీ మాకెవరికీ తెలియదు. ఖాళీ స్థలాల పన్ను వేసే తమ రెవెన్యూ విభాగం రికార్డుల్లో ఆ వివరాలు ఉంటాయి. నోటీసు మేము ఇవ్వలేము, తమరే ఇవ్వగలరు. పైగా అక్కడ చెత్త పోసేది ఓనరు కాదు. ఎవరూ తమ చెత్తను బయట వీధుల్లో, బహిరంగ స్థలాల్లో, కాలువల్లో వేయకూడదని, తగలబెట్టకూడదని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెబుతున్నాయి. మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు ఇంకొక మాట కూడా రాయమన్నారు. రత్లాం మునిసిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు, డబ్బులు లేవన్న కారణంతో మునిసిపాలిటీ పారిశుద్ధ్యం బాధ్యత నుంచి తప్పించుకోలేదని తీర్పు ఇచ్చిందట. తమరికి చట్టం చెప్పాలని కాదు, మేము అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదని తెలియడానికి రాశాను.

వానలు మొదలయ్యాక పరిస్థితి బాగా పాడైంది. బోండాల్లో, విరిగిన బకెట్లలో, పాత టైర్లలో నీళ్ళు నిలిచాయి. డెంగీ దోమ ఇలాంటి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో కొత్త దోమలు తయారవుతాయి. జులైలో మా వీధిలో నలుగురికి డెంగీ వచ్చింది. అందులో ఒకరు మా అమ్మాయి. పదో తరగతి చదువుతోంది. ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయని డాక్టరు చెప్పిన రాత్రి మేము పడిన టెన్షన్ చెప్పలేను. పదకొండు రోజులు బడికి పోలేదు. ఆసుపత్రికి, మందులకు 26 వేలు అయ్యాయి. నాకు మూడు నెలలు కుడితే గానీ రాని డబ్బు అది. సాయంత్రం పూట పొగ కొట్టే బండి రెండు సార్లు వచ్చింది, సంతోషమే. కానీ పొగ ఎగిరే దోమను చంపుతుంది గానీ బోండాంలో ఉన్న పురుగును చంపదు. బోండాలు అక్కడి నుంచి పోవాలి.

కోళ్ళ వ్యర్థాలకు అలవాటు పడి పది పన్నెండు కుక్కలు ప్లాటులోనే కాపురం పెట్టాయి. అక్కడికి నలభై అడుగుల దూరంలో అంగన్‌వాడీ ఉంది. ఆగస్టు 1న అంగన్‌వాడీ నుంచి వస్తున్న నాలుగేళ్ళ బాబును ఒక కుక్క పిక్క మీద కరిచింది. టీకాలు వేయిస్తున్నారు. ఆ తరవాత ఐదుగురు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. ఆ పిల్లలకు అక్కడ దొరికే గుడ్డు, పాలు కూడా ఆగిపోయినట్టే కదా.

చెత్త జారి సైడు కాలువలో పడి పూడిపోయింది. గత వారం వానకు మురుగునీళ్ళు మూడు ఇళ్ళ గుమ్మాల్లోకి వచ్చాయి. కుప్ప తగ్గించడానికని ఎవరో రాత్రి పూట నిప్పు కూడా పెడుతున్నారు. ప్లాస్టిక్ కాలిన పొగకు మా అత్తగారికి ఆయాసం ఎక్కువై ఇప్పుడు ఇన్‌హేలర్ వాడుతున్నారు. చెత్త తగలబెడితే ఐదు వేలు, పెద్ద ఎత్తున అయితే ఇరవై ఐదు వేలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. ఆ మాట రాసిన బోర్డు ఒక్కటి పెట్టించినా కొందరు భయపడతారు.

కాబట్టి అయ్యా, ముందుగా ఈ వారంలోనే సూదులు, సీసాలు ఆ పని తెలిసినవాళ్ళ చేత విడిగా తీయించి, తరవాత కుప్ప మొత్తం ఎత్తించండి. ఇటుక ముక్కలను మామూలు చెత్తతో కలపకుండా వేరుగా పంపించండి. అదే రోజు సైడు కాలువ పూడిక కూడా తీయిస్తే ఆ మట్టి మళ్ళీ ప్లాటు అంచున పడకుండా ట్రాక్టరులోనే పోతుంది. ఓనరు గారికి నోటీసు ఇచ్చి కంచె వేయించండి. వారు వేయకపోతే తమరే వేయించి ఆ ఖర్చు వారి దగ్గర వసూలు చేసే అవకాశం ఉంటే అలా చేయండి. ఎదురుగా ఉన్న స్తంభానికి లైటు వేయించండి. నేను ఇచ్చిన బండి నంబర్లను విచారించి, పోసిన వాళ్ళకు రసీదుతో జరిమానా వేయండి.

అన్నిటికన్నా ముఖ్యంగా చెత్త బండిని పొద్దున ఏడున్నర లోపు మా వీధికి పంపండి. బండి ముందు పక్క కాలనీకి వెళ్ళి తరవాత మాకు వస్తోంది. వాళ్ళకు ఇబ్బంది కలగకూడదు కాబట్టి ఒక వారం మాకు ముందు, ఒక వారం వాళ్ళకు ముందు అన్నా మాకు సమ్మతమే. మాకు ముందు కాని వారంలో తాళం వేసే ఇళ్ళ బకెట్లు మా గేటు లోపల పెట్టించుకుని బండికి నేనే అందిస్తాను.

మా వైపు నుంచి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తామని పందొమ్మిది ఇళ్ళ వాళ్ళమూ సంతకాలు పెట్టాం. శుభ్రం చేసిన తరవాత మొదటి నెల రోజులు రాత్రి పది నుంచి పన్నెండు వరకు ఇద్దరిద్దరం వంతులేసుకుని కాపలా ఉంటాం. ఎవరితోనూ గొడవ పెట్టుకోం, బండి నంబరు రాసి సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ గారికి ఇస్తాం.

జేసీబీ పంపేటప్పుడు ఒక్క సంగతి చెప్పండి. మా వీధికి ఉత్తరం వైపు కరెంటు వైరు బాగా కిందికి వేలాడుతోంది. బండి దక్షిణం వైపు రామాలయం సందు నుంచి రావాలి. ముందు రోజు కబురు చేస్తే ఆ సందులో పెట్టిన బైకులు మేమే తీయించి ఉంచుతాం. నేను ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పి. సుజాత
మరియు 3వ వీధి నివాసులు (సంతకాలు విడిగా జతపరచాం)

జతపరచినవి: ప్లాటు ఫోటోలు పన్నెండు, బండ్ల వివరాలు రాసిన పేజీల కాపీలు, పాత అర్జీల రసీదులు, మా అమ్మాయి రక్త పరీక్ష రిపోర్టు కాపీ, పందొమ్మిది ఇళ్ళ సంతకాలు.

నకలు: మునిసిపల్ హెల్త్ ఆఫీసరు గారికి, 41వ వార్డు సచివాలయం శానిటేషన్ సెక్రటరీ గారికి.