విషయం: టెరిటోరియల్ ఆర్మీ వార్షిక శిక్షణకు జూన్ 11 నుంచి ఆగస్టు 12 వరకు సెలవు కోరుతూ – కాల్-అప్ ఆర్డర్ జతచేశాను

గుంటూరు,
22 మే 2023

మేనేజర్ సుబ్బారావు గారికి,

నమస్కారం సార్. మొన్న శుక్రవారం గేటు దగ్గర మీకు నోటిమాటగా చెప్పిన విషయమే ఇది, మీరు రాసివ్వమన్నారు కాబట్టి రాస్తున్నా. సికింద్రాబాద్‌లోని మా 125 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ (టీఏ) నుంచి వార్షిక శిక్షణకు రమ్మని కాల్-అప్ ఆర్డర్ రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికి వచ్చింది. జూన్ 12 సోమవారం ఉదయం పది గంటలకల్లా రిపోర్ట్ చేయాలి, శిక్షణ ఆగస్టు 11 శుక్రవారంతో ముగుస్తుంది. వెళ్లడానికి ముందురోజు, రావడానికి తర్వాతి రోజు కలుపుకుని జూన్ 11 నుంచి ఆగస్టు 12 వరకు జీతం లేని సెలవు ఇప్పించాలి. ఆగస్టు 14 సోమవారం ఉదయం షిఫ్ట్‌కి మన కోల్డ్ స్టోరేజీ ప్లాంటులో ఉంటాను.

ఆర్డర్ ఇంగ్లిష్‌లో ఉంది, రెండు పేజీలు. మొదటి పేజీలో నా పేరు, ఆర్మీ నంబరు, రిపోర్ట్ చేయాల్సిన చోటు, తేదీ, టైము ఉన్నాయి. రెండో పేజీలో ఏమేం తెచ్చుకోవాలో, రాగానే మెడికల్ ఉంటుందని, రైలుకు వారెంట్ ఇస్తామని, పనిచేసే చోట ముందే తెలియజేయమని ఉంది. కింద కమాండింగ్ ఆఫీసర్ తరఫున సంతకం, బెటాలియన్ స్టాంపు ఉన్నాయి, అనుమానం ఉంటే అక్కడున్న ఆఫీస్ నంబరుకి మీరే ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఒరిజినల్ మాత్రం నా దగ్గరే ఉంచుకుంటున్నా, రిపోర్ట్ చేసేటప్పుడు చూపించాలి. నా ఐడెంటిటీ కార్డు కూడా అడిగారు కదా, దాన్ని జిరాక్స్ తీసి బయట ఇవ్వద్దని మాకు గట్టిగా చెప్పారు సార్, ఆఫీసుకొచ్చి చేతిలో పెట్టి చూపిస్తాను, చూసి తిరిగిచ్చేయండి.

మన వాళ్లలో చాలామంది నేను ఇక్కడ మానేసి మిలిటరీకి వెళ్లిపోతున్నాననుకుంటున్నారు, హమాలీ మేస్త్రీ అయితే పార్టీ ఎప్పుడని కూడా అడిగాడు! అలాంటిదేం లేదు. టీఏ అంటే ఫుల్‌టైమ్ ఉద్యోగం కాదు. బయట సొంత ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్లనే తీసుకుంటారు, ఏడాదిలో కొంతకాలం పిలిచి శిక్షణ ఇస్తారు, దేశానికి అవసరం పడితే అప్పుడు పిలుస్తారు, మిగతా రోజుల్లో ఎవరి పని వాళ్లది. మాలాంటి యూనిట్లకి వార్షిక శిక్షణ రెండు నెలలు. అంటే ఇక్కడ కంప్రెషర్ రూమ్‌లో నా ఉద్యోగం ఉంటేనే అక్కడ నేను ఉండేది. మీరు క్రికెట్ బాగా చూస్తారు కాబట్టి ఒక మాట, 2011లో ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది ఈ టెరిటోరియల్ ఆర్మీలోనే. ఆయనకి స్టార్లు, మాకు ఫైరింగ్ రేంజ్‌లో ఎండ, అంతే తేడా. ఇక్కడ చేరేటప్పుడు బయోడేటాలో కూడా ఇది రాశాను, మీ ఫైల్లో ఉంటుంది.

ఎన్‌సీసీ క్యాంపులా వీలైతే వెళ్లొచ్చు లేకపోతే మానేయొచ్చు అన్నట్టు ఉండదు సార్. వాయిదా వేయించుకోకూడదా అని మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా, ఒంట్లో బాగోకపోతేనో ఇంట్లో ఏదైనా జరిగితేనో వేరే సంగతి, పని ఎక్కువగా ఉంది అని నేను రాస్తే దాన్ని కారణంగా చూడరు. శిక్షణకు చేరిన క్షణం నుంచి మాకు ఆర్మీ యాక్ట్ వర్తిస్తుంది, పిలిచినప్పుడు కారణం లేకుండా రాకపోతే ఆ నేరం నామీద పడుతుంది. అటువైపు యజమానికి కూడా 1948 టెరిటోరియల్ ఆర్మీ చట్టంలో సెక్షన్ 7ఏ కింద ఒక బాధ్యత ఉంది, అవసరమైన సెలవు ఇవ్వాలి, తిరిగొచ్చాక అదే ఉద్యోగంలోకి తీసుకోవాలి, ఇంతకుముందు కంటే తక్కువ షరతులు పెట్టకూడదు. ఇది మిమ్మల్ని బెదిరించడానికి రాయట్లేదు, మీరు అలా అనుకోరని తెలుసు. ఓనర్ గారో ఆడిటర్ గారో రెండు నెలలు సెలవు ఏ లెక్కన ఇచ్చారని అడిగితే మీ చేతిలో ఒక కాగితం ఉండాలని.

జీతం సంగతి. శిక్షణలో ఉన్న రోజులకి సైన్యమే జీతభత్యాలు ఇస్తుంది, కాబట్టి ఆ రెండు నెలలు మీరు నాకు ఇవ్వాల్సింది లేదు, రెండుచోట్లా తీసుకునే ఉద్దేశం నాకూ లేదు. నేను అడిగేది రెండే. ఒకటి, నా ఖాతాలో ఉన్న సెలవులు ఇందులో కోయకండి, దసరాకి చెల్లి పెళ్లి చూపులు అవీ ఉన్నాయి, అవి అప్పుడు కావాలి. రెండోది అకౌంట్స్‌లో చూసుకోవాల్సింది, పీఎఫ్‌లో నాకు డేట్ ఆఫ్ ఎగ్జిట్ వేయొద్దని చెప్పండి. నెలనెలా పంపే ఈసీఆర్‌లో ఆ రోజుల్ని ఎన్‌సీపీ డేస్‌గా చూపిస్తే చాలు, సర్వీస్ కొనసాగుతుంది. పోయినేడాది ఒక హెల్పర్ నెలన్నర ఊరెళ్తే ఎగ్జిట్ కొట్టేశారు, వాడు తిరిగొచ్చి మళ్లీ జాయినింగ్ వేయించుకుని పాత ఖాతా కొత్త ఖాతా కలిపించుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డాడో మీకు తెలుసు.

ఇక అసలు మీ టెన్షన్ ప్లాంటు గురించే కదా. తేదీలు నా చేతుల్లో లేవు గానీ, ఈసారి మన అదృష్టం కొద్దీ అంత చెడ్డ టైములో రాలేదు. ఇదే ఆర్డర్ మార్చిలో వచ్చి ఉంటే నాకే మిమ్మల్ని అడగడానికి మొహం చెల్లేది కాదు, అప్పుడు రోజూ లారీల మీద లారీలు, వేడి వేడిగా మిర్చి టిక్కీలు లోపలికి వస్తుంటే రాత్రంతా రెండు కంప్రెషర్లూ ఆగకుండా నడిచినా గది చల్లబడేది కాదు. ఇప్పుడు యార్డుకి వేసవి సెలవులు, లోడింగ్ దాదాపు అయిపోయింది, జూన్ వచ్చేసరికి ఛాంబర్లు నిండి టెంపరేచర్ నిలబడిపోతుంది, ఒక కంప్రెషర్ ఆపి ఆపి నడిపినా సరిపోతుంది. సరుకు బయటకి తీసేవాళ్లు తలుపులు తెరవడం తప్ప లోపలికి కొత్త వేడి రాదు.

వెంకటేశ్వర్లు అన్నతో, బాజీతో మాట్లాడాను. ఇద్దరూ పన్నెండు గంటల షిఫ్టులకి ఒప్పుకున్నారు గానీ రెండు నెలలు వారం సెలవు లేకుండా వాళ్లని నడిపించడం న్యాయం కాదు, అమోనియా దగ్గర నిద్రమత్తులో మనిషిని నిలబెట్టకూడదు. అందుకని నరసరావుపేటలో నాతోపాటు ఐటీఐ చదివిన ఒకతను ఉన్నాడు, ఐస్ ఫ్యాక్టరీలో అమోనియా మీదే చేశాడు, ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు. నా రెండు నెలల జీతం మిగులుతుంది కదా, అందులోంచి అతన్ని రిలీఫ్ ఆపరేటర్‌గా పెట్టుకోవచ్చు. మీరు సరే అంటే జూన్ 1 నుంచే పిలిపిస్తాను, నేను వెళ్లేలోపు పది రోజులు నా పక్కనే ఉండి చూస్తాడు. ఆ పది రోజుల భోజనం ఖర్చు నేను చూసుకుంటా.

అప్పగించి వెళ్లేవి కొన్ని ఇక్కడే రాసి పెడుతున్నా, లాగ్ బుక్ మొదటి పేజీలో కూడా అంటిస్తాను. రెండో నంబర్ కంప్రెషర్ షాఫ్ట్ సీల్ దగ్గర నూనె కొంచెం చెమ్మగిల్లుతోంది, కంపెనీ మెకానిక్ వచ్చే వారం వస్తానన్నాడు, వాడు మారిస్తే సరే, మార్చకపోతే ఒకటో నంబర్ మీదే నడిపించి దాన్ని స్టాండ్‌బైగా ఉంచాలి, ఈ విషయంలో మాత్రం దయచేసి ‘ఇంకో వారం లాగుదాం’ అనొద్దు. మూడో ఛాంబర్ తలుపు రబ్బరు కింద మూల చిరిగింది, చేయి పెడితే చల్లగాలి తగులుతోంది, పొద్దున పూట అక్కడ నేల మీద నీళ్లు కూడా చేరుతున్నాయి. చిన్నదే గానీ కరెంటు బిల్లులో కనపడేది అదే. వానలు మొదలైతే ఉరుములకి కరెంటు పోవడం మామూలే, డీజీ సెట్ బ్యాటరీ పాతబడింది, కొత్తది జూన్‌కి ముందే వేయించండి. మాస్కులకి కొత్త క్యానిస్టర్లు రెండు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, ఎమర్జెన్సీలో బీరువా తాళం కోసం వెతుక్కోకుండా వాటిని కంప్రెషర్ రూమ్ బయట పెట్టెలోకి మార్పించండి, గది లోపల మాత్రం పెట్టొద్దు, లీకైనప్పుడు మాస్కు కోసమే లోపలికి వెళ్లాల్సొస్తుంది.

అక్కడ పగలంతా ఫోన్ దగ్గరుండదు సార్. పీటీ, డ్రిల్, ఫైరింగ్, క్లాసులు అయ్యాక సాయంత్రం పర్మిషన్ ఉన్న టైములో చూసుకుంటాను, వాట్సాప్‌లో వాయిస్ పెట్టి ఉంచితే రాత్రికి జవాబిస్తా. మధ్యలో రెండు రోజులు వచ్చి చూసిపొమ్మంటే కుదరదు, అది ఇప్పుడే చెప్పేస్తున్నా. చాలా అవసరమైతే మా ఆవిడకి చేయండి, ఆమె నంబరు మీ దగ్గర ఉంది, యూనిట్ ఆఫీసు ద్వారా కబురు పంపే దారి ఆమెకి తెలుసు.

నాకు మీ దగ్గర్నుంచి కావాల్సింది లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు: నేను ఇక్కడ అమోనియా ప్లాంట్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నానని, ఈ తేదీలకి శిక్షణ కోసం సెలవు మంజూరైందని, తిరిగొచ్చాక అదే పోస్టులో చేరొచ్చని. సంతకం, స్టాంపు ఉండాలి. మే 31 బుధవారంలోపు ఇస్తే దాని కాపీ బెటాలియన్‌కి పోస్టులో పంపడానికి టైముంటుంది. వారెంట్ మీద టికెట్ కూడా తీసుకోవాలి, ఆదివారం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్దామనుకుంటున్నా. తిరిగొచ్చేటప్పుడు శిక్షణ పూర్తిచేసినట్టు యూనిట్ నుంచి సర్టిఫికెట్ తెచ్చి మీకు ఇస్తాను, హాజరు రికార్డులో పెట్టుకోవచ్చు.

ఓనర్ గారితో నేను కూడా మాట్లాడాలంటే చెప్పండి, ఈ వారం అంతా నాది నైట్ షిఫ్ట్, పొద్దున ఎనిమిదింటికి దిగాక ఎప్పుడైనా ఆఫీసుకి వస్తాను.

ఇట్లు
మీ
కె. శ్రీనివాసరావు
అమోనియా ప్లాంట్ ఆపరేటర్

జతచేసినవి: కాల్-అప్ ఆర్డర్ కాపీ (రెండు పేజీలు), రిలీఫ్ ఆపరేటర్ ఐటీఐ సర్టిఫికెట్ జిరాక్స్, జూన్ – ఆగస్టు షిఫ్ట్ చార్ట్ (వెంకటేశ్వర్లు అన్న, బాజీ సంతకాలతో)