అరటిపండు, పీనట్ బటర్, పాల స్మూతీ: నువ్వు చెప్పిన కొలతలకు మాక్రోలు

తమ్ముడూ, నీ స్మూతీలో మాక్రోలు, అంటే ప్రొటీన్, కార్బ్స్, ఫ్యాట్ ఎంతెంత ఉంటాయని అడిగావు కదా, నువ్వు గ్రాముల్లో చెప్పావు కాబట్టి లెక్క తేలికైంది. తొక్క తీసిన అరటిపండు 120 గ్రాములు, చక్కెర కలపని పీనట్ బటర్ 32 గ్రాములు, టోన్డ్ పాలు 250 మి.లీ. అని తీసుకున్నాను.

అరటిపండు: 107 కేలరీలు, ప్రొటీన్ 1.3 గ్రా., కార్బ్స్ 27.4, ఫ్యాట్ 0.4
పీనట్ బటర్: 190 కేలరీలు, ప్రొటీన్ 8, కార్బ్స్ 6.4, ఫ్యాట్ 16
పాలు: 145 కేలరీలు, ప్రొటీన్ 7.5, కార్బ్స్ 12, ఫ్యాట్ 7.5

మొత్తం: సుమారు 440 కేలరీలు, ప్రొటీన్ 17, కార్బ్స్ 46, ఫ్యాట్ 24. కార్బ్స్‌లో ఫైబర్ 5 గ్రాముల దాకా ఉంటుంది. ప్రొటీన్, కార్బ్స్ గ్రాముకు 4 కేలరీలు, ఫ్యాట్ గ్రాముకు 9 కేలరీల చొప్పున గుణిస్తే నీకు సుమారు 465 వస్తుంది, కంగారుపడకు. ఫైబర్ నుంచి మనకు పూర్తి కేలరీలు అందవు, తేడాలో కొంత అక్కడిదే.

దీన్ని ప్రొటీన్ షేక్ అనుకుని తాగుతున్నావేమో గానీ, ఇందులో దాదాపు సగం కేలరీలు ఫ్యాట్‌వే. బరువు పెరగాలంటే చక్కగా పనికొస్తుంది. తగ్గాలనుకుంటే మాత్రం ఇది పాలగ్లాసు కాదు, ఒక పూట టిఫిన్ కింద లెక్క వేసుకో.

తేడా వచ్చేది పీనట్ బటర్ దగ్గరే. సమానంగా గీసిన టేబుల్ స్పూన్ 16 గ్రాములు. గోపురంలా తీస్తే అదే స్పూన్‌లో 25 దాటిపోతుంది, ప్రతి 10 గ్రాములకూ 60 కేలరీలు చేరతాయి. అందుకని జార్‌ని కాటాపై పెట్టి సున్నా చేసి, తీసుకున్నాక ఎంత తగ్గిందో చూడు. స్పూన్‌కి అంటుకున్నది నాకితే అదీ లెక్కలోకే వస్తుంది. అరటిపండును తొక్కతో తూచకు, బరువులో మూడో వంతు దాకా తొక్కే ఉంటుంది.

పాలు మారితే ఫ్యాట్ మారుతుంది. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ అయితే పాలలోనే ఫ్యాట్ 15 గ్రాములు, స్మూతీ మొత్తం 515 కేలరీల దగ్గరికి వెళ్తుంది. డబుల్ టోన్డ్ అయితే 410. ఇంట్లో కాచి మీగడ తీసేసిన గేదె పాలకు ప్యాకెట్ మీది అంకె పెట్టకు, ఎంత మీగడ పోయిందో చెప్పలేం.

నా సలహా అడిగితే, పీనట్ బటర్ 16 గ్రాములకు తగ్గించి 20 గ్రాముల పుట్నాల పప్పు వేసి మిక్సీ పట్టు. ప్రొటీన్ అదే 17 దగ్గర ఉంటుంది, ఫ్యాట్ 24 నుంచి 17కు దిగుతుంది, కార్బ్స్ 55 అవుతాయి, కేలరీలు 420. కాస్త చిక్కగా వస్తుంది, ముందు పప్పు ఒక్కటే పొడి చేసుకుంటే పలుకులు తగలవు. పండు బాగా మగ్గినదైతే పంచదార అక్కర్లేదు. వేసుకుంటే టీ స్పూన్‌కు 16 కేలరీలు కలుపుకో.