చిల్డ్ వాటర్ సిస్టమ్ కమిషనింగ్ రిపోర్ట్: టెస్ట్ ఫలితాలు, మిగిలిన లోపాలు

ముందు అసలు విషయం. చిల్లర్ 1 వాడుకోవచ్చు. చిల్లర్ 2ని లాక్ చేసి ట్యాగ్ తగిలించాం, మళ్లీ టెస్ట్ అయ్యేదాకా దాన్ని ఎవరూ స్టార్ట్ చేయొద్దు.

సిస్టమ్: ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనం, 350 టన్నుల వాటర్ కూల్డ్ చిల్లర్లు రెండు, పంపులు మూడు (ఒకటి స్టాండ్‌బై), ఏహెచ్‌యూలు 24. డిజైన్ ప్రకారం ఒక్కో చిల్లర్‌కి సెకనుకు 53.5 లీటర్ల ఫ్లో, సప్లై 7 డిగ్రీలు, రిటర్న్ 12.5. పైపులు 12 బార్ దగ్గర 4 గంటలు నిలబడ్డాయి, లీకులు లేవు.

చిల్లర్ 1: ఫ్లో 53.1, సప్లై 7.1, రిటర్న్ 12.4, అంటే సుమారు 335 టన్నులు. పవర్ 208 కిలోవాట్లు, టన్నుకు 0.62. బాగుంది. నడుస్తున్న పంపును ట్రిప్ చేస్తే స్టాండ్‌బై 18 సెకన్లలో అందుకుంది.

చిల్లర్ 2: మొదట ఫ్లో 46.8 దాటలేదు, కెపాసిటీ 284 టన్నుల దగ్గరే ఆగింది. స్ట్రెయినర్ మీద 62 కిలోపాస్కల్ డ్రాప్ కనిపిస్తే విప్పి చూశాం, బుట్టలో వెల్డింగ్ స్లాగ్, టెఫ్లాన్ టేపు ముక్కలు. కడిగాక డ్రాప్ 14కి దిగింది, ఫ్లో 51.9 వచ్చింది, కానీ ఆ కాస్త పరుగుకే బుట్టలో మళ్లీ చెత్త చేరింది కాబట్టి ఫ్లషింగ్ పూర్తయిందని ఇచ్చిన కాగితాన్ని మేం ఒప్పుకోవడం లేదు.

ఇక లాక్ చేయడానికి కారణం. చిల్లర్ 2 నడుస్తుండగా వాల్వ్ మెల్లగా మూస్తూ వచ్చాం, ఫ్లో తగ్గగానే ఫ్లో స్విచ్ మెషీన్‌ని ఆపాలి. ఆపలేదు. ఫ్లో 20 లీటర్లకు పడినా కంప్రెసర్ ఆగలేదు, సప్లై 4.6 డిగ్రీలకు దిగుతుంటే మేమే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాం. ప్యానెల్ తెరిస్తే ఫ్లో స్విచ్ టెర్మినళ్ల మధ్య వేలెడంత ఎర్ర వైరుతో జంపర్ కొట్టి ఉంది. స్టార్టప్‌లో ఎవరో తొందర కోసం వేసి వదిలేసి ఉంటారు, కానీ ఫ్లో లేకుండా ఇవాపొరేటర్‌లో నీళ్లు గడ్డకట్టి ట్యూబులు పగిలితే రిఫ్రిజెరెంట్ వైపుకి నీళ్లు వెళ్లి మొత్తం మెషీనే పోతుంది. జంపర్ తీశాం. స్విచ్ ప్యాడిల్ కూడా వంగిపోయింది, మార్చాలి.

మిగిలిన లోపాలు:
- డీపీ సెన్సర్‌ని చివరి ఏహెచ్‌యూ దగ్గర కాకుండా పంపు హెడర్ మీదే పెట్టారు. అందుకే లోడ్ తక్కువున్నా పంపులు 47 హెర్ట్జ్ దిగడం లేదు, కరెంటు ఊరికే పోతోంది. డ్రాయింగ్‌లో ఉన్నచోటికి మార్చి సెట్‌పాయింట్ మళ్లీ సెట్ చేయాలి.
- ఏహెచ్‌యూ 4ఏ యాక్చుయేటర్ తిరగబడి పనిచేస్తోంది, బీఎంఎస్‌లో 100% ఇస్తే వాల్వ్ మూసుకుంటోంది.
- ఏహెచ్‌యూ 6బి ఫ్లో డిజైన్‌లో 71% మాత్రమే. మిగతా 22 యూనిట్లు ±10% లోపే ఉన్నాయి.
- నాలుగో అంతస్తు సీలింగ్‌లో వాల్వ్ బాడీలకు ఇన్సులేషన్ లేదు, నీళ్లు కారి కింద టైలు తడిసింది.

ఫ్లో స్విచ్, ఫ్లషింగ్ ఈ రెండూ హ్యాండోవర్‌కి ముందే అవ్వాలి. మిగతావి పద్నాలుగు రోజుల్లో. చిల్లర్ 2 ఫుల్ లోడ్ టెస్ట్, ఫ్లో ట్రిప్ టెస్ట్ మా ఎదుటే మళ్లీ చేయాలి, ఫోటోలు పంపితే సరిపోదు.