ముందస్తు అర్హత దరఖాస్తు: వివరణ లేఖ, సారాంశం

తేదీ: 14 జులై 2025

గౌరవనీయులైన చీఫ్ ఇంజనీరు గారికి,

విషయం: 34.6 కిలోమీటర్ల రెండు వరుసల రహదారి విస్తరణ, పటిష్ఠీకరణ పని (ప్యాకేజీ 3) – ముందస్తు అర్హత కోసం దరఖాస్తు సమర్పణ గురించి.

అయ్యా,

పై పనికి కాంట్రాక్టర్ల ముందస్తు అర్హతను నిర్ణయించేందుకు తమ కార్యాలయం కోరిన దరఖాస్తును, నిర్దేశించిన నమూనాలన్నీ పూరించి, ఒక అసలు ప్రతి, రెండు నకళ్లతో ఈ లేఖకు జతచేసి సమర్పిస్తున్నాము. జాయింట్ వెంచర్ లేకుండా మా సంస్థ ఒంటరిగానే దరఖాస్తు చేస్తోంది. ఇదే ప్యాకేజీకి మరే దరఖాస్తులోనూ మాకు భాగస్వామ్యం లేదు. తాము జారీచేసిన రెండు సవరణ పత్రాలు మాకు అందాయి, వాటికి అనుగుణంగానే నమూనాలను సరిచేశాము.

మాది మధ్యతరహా రోడ్డు నిర్మాణ సంస్థ. పనుల సంఖ్యలోనూ టర్నోవరులోనూ మాకంటే పెద్ద సంస్థలు ఈ ప్యాకేజీకి దరఖాస్తు చేస్తాయని మాకు తెలుసు. అయితే ఈ పనికి కావలసిన హాట్ మిక్స్ ప్లాంటు, పేవరు, రోలర్లు మా సొంతం. వాటిని నడిపే సిబ్బందిలో అధిక భాగం ఏళ్ల తరబడి మా దగ్గరే పనిచేస్తున్నవారు. పని మా చేతికి వస్తే ప్లాంటును ఈ రోడ్డు దగ్గరే నిలిపి, పూర్తయ్యేదాకా మరో పనికి తరలించబోమని ఈ లేఖ ద్వారా హామీ ఇస్తున్నాము. మధ్యతరహా సంస్థ నుంచి యజమాని శాఖ ఆశించదగిన మేలు ముఖ్యంగా ఇదేనని మా అభిప్రాయం.

గత పనులలో జరిగిన ఆలస్యం, ఒక లోపం, నడుస్తున్న ఒక వివాదం గురించి సారాంశంలో దాచకుండా రాశాము. దరఖాస్తులోని ఏ వివరాన్నైనా మా బ్యాంకును గానీ, పాత పనుల యజమాని శాఖలను గానీ అడిగి నిర్ధారించుకునేందుకు తమకు పూర్తి అనుమతి ఇస్తున్నాము. మా ప్లాంటును, ప్రయోగశాలను, ప్రస్తుతం నడుస్తున్న పనులను ముందుగా తెలియజేయకుండా వచ్చి తనిఖీ చేసినా మాకు సమ్మతమే. ముందస్తు అర్హత లభించినంత మాత్రాన పని ఇవ్వవలసిన బాధ్యత తమపై ఉండదని, దరఖాస్తును కారణం చెప్పకుండా తిరస్కరించే అధికారం తమకు ఉందని గ్రహించాము.

ఇట్లు,
భవదీయుడు,
మేనేజింగ్ పార్ట్‌నర్
(సంతకం చేసే అధికార పత్రం జతచేయడమైనది)

దరఖాస్తు సారాంశం

పని స్వభావం, మా అవగాహన

ఇప్పుడున్న రోడ్డును రెండు పక్కలా వెడల్పు చేసి, పాత తారు ఉపరితలాన్ని పటిష్ఠం చేసి, 41 కల్వర్టులను పొడిగించి లేదా తిరిగి కట్టి, ఒక చిన్న వంతెనను కొత్తగా నిర్మించి, మొత్తం పనిని 24 నెలల్లో అప్పగించాలి. ఈ కాలమంతా రోడ్డుపై వాహనాలు నడుస్తూనే ఉంటాయి. కొత్త రోడ్డు వేయడానికీ నడుస్తున్న రోడ్డును వెడల్పు చేయడానికీ చాలా తేడా ఉంది. వెడల్పు చేసిన రోడ్డు చెడితే ఎక్కువగా పాత కట్ట, కొత్త కట్ట కలిసే చోటే మొదట చెడుతుంది. ఈ మాట మేము అనుభవంతో రాస్తున్నాము.

అనుభవం

గడచిన 7 సంవత్సరాలలో ఈ స్వభావం గల పనులు మూడు పూర్తిచేశాము. వాటి పొడవులు 22, 31, 27.5 కిలోమీటర్లు. మూడూ వాహనాలు నడుస్తుండగా చేసిన విస్తరణ పనులే. 31 కిలోమీటర్ల పని గడువుకు మూడు వారాల ముందే ముగిసింది. పూర్తి చేసినట్టు ఆయా శాఖలు ఇచ్చిన ధ్రువపత్రాలు అనుబంధంలో ఉన్నాయి.

22 కిలోమీటర్ల పనిలో అప్పగించిన తర్వాత వచ్చిన మొదటి వానాకాలంలోనే 800 మీటర్ల మేర, పాత రోడ్డు అంచు వెంట పొడవాటి పగులు వచ్చింది. తవ్వి చూస్తే కారణం స్పష్టంగా కనిపించింది. ఆ భాగంలో పాత కట్ట వాలును మెట్లు మెట్లుగా కోయకుండా, వాలు మీదనే కొత్త మట్టి పోసి రోలింగ్ చేశారు. దానితో రెండు కట్టలూ ఒకదానిలో ఒకటి ఇమడలేదు. తప్పు పూర్తిగా మాదే. లోప బాధ్యత కాలంలోనే సబ్‌గ్రేడ్ వరకు తీసివేసి, మెట్లు కోసి, పొరలు పొరలుగా నింపి, 7 వారాలలో సొంత ఖర్చుతో తిరిగి వేశాము. అప్పటి నుంచి మెట్లు కోసిన ప్రతి భాగాన్నీ చైనేజీ కనిపించేలా ఫోటో తీసి, సైటు ఇంజనీరు సంతకం పెట్టాకే మట్టి లారీని లోపలికి పంపుతున్నాము. ఆ తర్వాత చేసిన రెండు విస్తరణ పనులలో అటువంటి పగులు రాలేదు.

27.5 కిలోమీటర్ల పని 4 నెలలు ఆలస్యమైంది. విద్యుత్ స్తంభాల తరలింపు కారణంగా పోయిన రెండున్నర నెలలకు గడువు పొడిగింపు లభించింది. మిగిలిన నెలన్నర మా క్రషర్ మరమ్మతు వల్ల జరిగిన ఆలస్యం కాబట్టి, దానికి విధించిన జరిమానాను అంగీకరించి చెల్లించాము.

యంత్రాలు, పని వేగం

ఈ పనికి తారు మిశ్రమం సుమారు 75,000 టన్నులు కావలసి ఉంటుందని మా లెక్క. మా బ్యాచ్ మిక్స్ ప్లాంటు సామర్థ్యం గంటకు 120 టన్నులు. రోజుకు నికరంగా 6 గంటలు మాత్రమే నడుస్తుందని తీసుకున్నా 720 టన్నులు వస్తుంది కనుక, మొత్తం మిశ్రమానికి 105 పనిదినాలు చాలు. వానాకాలాలు పోగా రెండు పని సీజన్లలో ఇది తేలికగా సాధ్యం. అసలు ఒత్తిడి తారు పని మీద కాక కల్వర్టుల మీద ఉంటుంది. అందుకని వాటికి ఒకేసారి పనిచేసే నాలుగు బృందాలను ప్రతిపాదించాము. సెన్సార్ పేవర్లు రెండు, వైబ్రేటరీ రోలర్లు ఐదు, టైరు రోలర్లు రెండు, గ్రేడర్లు మూడు మా సొంతం. చిన్న వంతెనకు కావలసిన పైల్ పునాదులను మాత్రం ఆ పనిలో అనుభవమున్న ఉపకాంట్రాక్టరు చేస్తారు. వారి అంగీకార పత్రం జతచేశాము.

నాణ్యత, భద్రత

ప్లాంటు దగ్గర ఒక ప్రయోగశాల, పని జరిగే చోట సంచార పరీక్షా వాహనం ఉంటాయి. లారీ ప్లాంటు విడిచేటప్పుడూ, పేవరులో పోసే ముందూ మిశ్రమం ఉష్ణోగ్రతను కొలిచి లారీ నంబరుతో రిజిస్టరులో రాస్తాము. స్పెసిఫికేషన్‌లోని కనీస ఉష్ణోగ్రత కంటే చల్లారిన లారీని వెనక్కి పంపే అధికారం మా క్వాలిటీ ఇంజనీరుకు ఉంది. ఆయన ప్రాజెక్టు మేనేజరు కింద కాక నేరుగా ప్రధాన కార్యాలయం కింద పనిచేస్తారు. సాంద్రత కోసం కోర్లు రోడ్డు మధ్యలోనే కాకుండా జాయింటు దగ్గర కూడా తీస్తాము, ఎందుకంటే రోలింగ్ తక్కువపడేది సాధారణంగా అక్కడే.

వెడల్పు కోసం తవ్వే గుంత ఒకేసారి 500 మీటర్లకు మించదు, రెండు పక్కలా ఒకే చోట తవ్వము. సాయంత్రం పని ఆపే లోపు గుంత అంచు వెంట డ్రమ్ములు, రిఫ్లెక్టర్లు, దీపాలు పెట్టినట్టు సేఫ్టీ సూపర్‌వైజరు రోజూ ధ్రువీకరించాలి. రాత్రిపూట ఆ దారిన వచ్చే ద్విచక్ర వాహనదారుడికి అవే ఆధారం కనుక, ఈ నియమం విషయంలో మా సంస్థలో ఎవరికీ మినహాయింపు లేదు.

ఆర్థిక స్థితి, ఇతర బాధ్యతలు

గడచిన 5 సంవత్సరాలలో మా సగటు వార్షిక టర్నోవరు, ఈ పనికి ఏడాదికి రాగల బిల్లుల విలువకు 1.8 రెట్లు ఉంది. తాము కోరినది 1.5 రెట్లు. చేతిలోని నగదు, బ్యాంకు మంజూరు చేసిన రుణ పరిమితి కలిపి, ప్రస్తుత పనుల అవసరాలు పోగా, ఈ పనికి నాలుగు నెలల ఖర్చును భరించగలవు. ఆడిట్ అయిన లెక్కలు, బ్యాంకు లేఖ జతపరిచాము. చేతిలో రెండు పనులున్నాయి. ఒకటి 5 నెలల్లో ముగుస్తుంది, రెండోది 62 శాతం పూర్తయింది. ఆ రెండింటి యంత్రాలను ఈ దరఖాస్తులో లెక్కించలేదు.

రాతి తవ్వకం పరిమాణంపై మేము వేసిన ఒక క్లెయిము మధ్యవర్తిత్వంలో ఉంది. అది పూర్తిగా మాకు వ్యతిరేకంగా తేలినా మా నికర విలువలో 3 శాతానికి మించి భారం పడదు. ఇప్పటివరకు ఏ శాఖా మా కాంట్రాక్టును రద్దు చేయలేదు, ఏ శాఖా మమ్మల్ని నిషేధిత జాబితాలో చేర్చలేదు.