విషయం: సాయంత్రం వేళల్లో పింగ్ పెరుగుదల, ప్యాకెట్ నష్టం – మూడుసార్లు పరిష్కరించకుండానే మూసేసిన ఫిర్యాదు

తేదీ: 17 నవంబరు 2025

వినియోగదారుల ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

అయ్యా,

నేను తిరుపతి కొర్లగుంటలో నివసిస్తున్నాను. రెండేళ్లుగా మీ సంస్థ 200 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ వాడుతూ, పన్నుతో కలిపి నెలకు రూ. 943 గడువులోపే చెల్లిస్తున్నాను. నా ఖాతా ఈ ఈమెయిల్ చిరునామా మీదే నమోదై ఉంది. గత సెప్టెంబరు చివరి వారం నుంచి ప్రతి రోజూ రాత్రి 7:30 మొదలుకొని 11:30 వరకు ఈ కనెక్షన్ మీద ఆన్‌లైన్ ఆట ఆడడం అసాధ్యమైంది. అక్టోబరు 6న, 21న, నవంబరు 1న ఫిర్యాదు చేశాను. మూడుసార్లూ సమస్య అలాగే ఉండగా, పరిష్కారమైనట్లు నాకు ఎస్ఎమ్మెస్ వచ్చింది.

ఆ మూడుసార్లూ మీ సిబ్బంది వచ్చింది ఉదయం 11 గంటల ప్రాంతంలో. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, వాళ్ల మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. కానీ ఫోనులో స్పీడ్ టెస్ట్ నడిపి, 200 వస్తోంది కాబట్టి లైను బాగుందని చెప్పి వెళ్లిపోయారు. ఉదయం 11 గంటలకు లైను బాగుంటుందని నేనూ ఒప్పుకుంటున్నాను. రాత్రి 8 గంటలకు వచ్చే జబ్బును ఉదయం నాడి పట్టి చూసి లేదని తేల్చడమే నా అభ్యంతరం. అప్పుడు రాత్రి పూట రమ్మని అడిగితే, 6 గంటల తర్వాత ఎవరినీ పంపే వీలు లేదని కాల్ సెంటర్ వారు సమాధానం చెప్పారు.

స్పీడ్ టెస్ట్ ఈ సమస్యను ఎందుకు పట్టుకోలేదో కూడా చెప్పాలి. ఒక సినిమా చూస్తున్నప్పుడు కొన్ని ప్యాకెట్లు దారిలో పోయినా వాటిని మళ్లీ తెప్పించుకుంటారు, ముందుగా నిల్వ చేసుకున్న భాగం నడుస్తూ ఉంటుంది కాబట్టి చూసేవారికి తేడా తెలియదు. నేను ఆడే వాలరెంట్ ఆటలో అలా కాదు. దాని సర్వరు సెకనుకు 128 సార్లు ఆట స్థితిని లెక్కిస్తుంది, సమాచారం యూడీపీ ద్వారా నడుస్తుంది, ఆలస్యంగా చేరిన ప్యాకెట్టు చేరనిదానితో సమానం. అందుకే వేగం ఎంతున్నా, పింగ్ ఒక్కసారిగా 35 నుంచి 300 మిల్లీసెకన్లు దాటితే ఎదుటివాడు నాకు కనిపించేలోపే నేను ఆటలో చనిపోయి ఉంటాను. కనెక్షన్ పూర్తిగా తెగితే మ్యాచ్ మధ్యలో వదిలేసినట్లు లెక్కగట్టి నా ఖాతాకు శిక్ష వేస్తారు, మిగిలిన నలుగురు సహ ఆటగాళ్లు నా వల్ల ఓడిపోతారు. అందరం చదువుకునేవాళ్లం, రోజంతా తరగతులు ముగించుకున్నాక మేం కలిసి సాధన చేయగలిగేది ఆ నాలుగు గంటలే.

నవంబరు 3 నుంచి 16 వరకు పద్నాలుగు రోజులు, రోజుకు రెండుసార్లు పరీక్షలు చేసి రాసి పెట్టుకున్నాను. వైఫై మీద నెపం రాకుండా కంప్యూటరును ల్యాన్ కేబులుతో నేరుగా మీ మోడెంకు కలిపి, ఇంట్లో మిగతా పరికరాలన్నీ ఆపి చేసినవి ఇవి. మీ నెట్‌వర్కులో నా ఇంటికి మొట్టమొదటి మజిలీ అయిన గేట్‌వేకు నవంబరు 12న వచ్చిన ఫలితాలు, మొదటిది ఉదయం 10 గంటలది, రెండోది రాత్రి 9 గంటలది:

```
ping -n 600 100.64.0.1

Sent = 600, Received = 600, Lost = 0 (0% loss)
Minimum = 3ms, Maximum = 9ms, Average = 4ms

Sent = 600, Received = 551, Lost = 49 (8% loss)
Minimum = 3ms, Maximum = 412ms, Average = 97ms
```

అదే సమయంలో కంప్యూటరుకూ మోడెంకూ మధ్య ప్యాకెట్ నష్టం ఒక్కటీ లేదు. కొన్ని రౌటర్లు పింగ్ అభ్యర్థనలకు తక్కువ ప్రాధాన్యం ఇస్తాయని, అందువల్ల ఈ అంకెలు నమ్మదగినవి కావని మీ ఇంజినీరు అనవచ్చు. అయితే ఆ గేట్‌వే దాటిన ప్రతి మజిలీలోనూ, ఆటలోనే కనిపించే నెట్‌వర్కు గ్రాఫులోనూ అదే స్థాయి నష్టం కనబడుతోంది. లోపం ఆట సర్వరుదీ కాదు. అదే రాత్రి, అదే కంప్యూటరును ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి అదే ముంబయి సర్వరులో ఆడితే పింగ్ 50 మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉంది. మోడెం పేజీలో అందుతున్న కాంతి స్థాయి మైనస్ 21 డీబీఎం వద్ద పగలూ రాత్రీ మారకుండా ఉంది కాబట్టి, మా ఇంటికి వచ్చే తీగ వంగిందనో కనెక్టరులో దుమ్ము చేరిందనో అనుకోవడానికీ ఆధారం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది నవంబరు 11 రాత్రి జరిగింది. ఆ రోజు 8:05 నుంచి 8:50 వరకు మా వీధులన్నిటికీ కరెంటు పోయింది. మా ఇంట్లో ఇన్వర్టరు ఉంది, మీ వైపు పరికరాలూ ఆగలేదు. ఆ నలభై అయిదు నిమిషాలూ గేట్‌వేకు పింగ్ 4 మిల్లీసెకన్లు, నష్టం సున్నా. కరెంటు వచ్చి చుట్టుపక్కల ఇళ్లలో, హాస్టళ్లలో, లాడ్జీలలో మోడెంలు మళ్లీ వెలగగానే, అయిదారు నిమిషాల్లో పింగ్ 300 దాటింది. నా లైను, నా మోడెం, నా కంప్యూటరు ఏవీ మారలేదు. మారింది మాతో పాటు ఆ మార్గాన్ని పంచుకునే వారి సంఖ్య ఒక్కటే. ఒక పోర్టు మీద మోయగలిగినదానికంటే ఎక్కువ ఇళ్లను కలిపారో, లేక మా ప్రాంతపు ఓఎల్‌టీ నుంచి పైకి వెళ్లే లింకు సాయంత్రాల్లో నిండిపోతోందో బయటినుంచి నేను చెప్పలేను, మీ పర్యవేక్షణ గ్రాఫులు చూస్తే మీకు నిమిషాల్లో తెలుస్తుంది.

2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా నాణ్యతా నిబంధనలు ప్యాకెట్ నష్టానికి కూడా ప్రమాణం పెట్టాయని మీకు తెలుసు. ఆ కొలత విధానం నా ఇంటి పరీక్షకు అచ్చంగా సరిపోకపోవచ్చు, కానీ రోజూ నాలుగు గంటల పాటు వంద ప్యాకెట్లలో ఎనిమిది పోగొట్టే సేవను ఏ కొలతతో చూసినా సరిగా ఉన్నదని అనలేరు.

కాబట్టి నేను కోరేది ఇది. ఈ ఫిర్యాదును కొత్త డాకెట్ సంఖ్యతో నమోదు చేసి, నా సమ్మతి లేకుండా మూసివేయకండి. నెట్‌వర్కు విభాగం ఇంజినీరు చేత మా పోర్టు, దాని పై లింకు వినియోగాన్ని రాత్రి 8 నుంచి 10 గంటల మధ్య పరిశీలింపజేసి, కనబడినది రాతపూర్వకంగా తెలియజేయండి. సామర్థ్యం పెంచడానికి సమయం పడుతుందంటే, అంతవరకు నన్ను భారం తక్కువ ఉన్న మరో పోర్టుకు మార్చండి, పని పూర్తయ్యే తేదీ చెప్పండి. అక్టోబరు, నవంబరు బిల్లుల్లో తగిన తగ్గింపు ఇవ్వండి. మళ్లీ ఇంటికి మనిషిని పంపదలచుకుంటే రాత్రి 8 తర్వాత మాత్రమే పంపండి, ఎంత ఆలస్యమైనా నేను ఇంట్లోనే ఉంటాను.

పద్నాలుగు రోజుల పరీక్షా ఫలితాలు, ఆటలోని గ్రాఫుల చిత్రాలు, మోడెం పేజీ చిత్రం ఈ ఈమెయిల్‌కు జతచేశాను. నవంబరు 24 లోపు సమాధానం రాకపోతే, లేదా మళ్లీ పరిష్కారమైనట్లు ఎస్ఎమ్మెస్ మాత్రమే వస్తే, మీ సంస్థ అప్పీలు అధికారికి ఇవే ఆధారాలతో అప్పీలు చేస్తాను. కనెక్షన్ మార్చుకోవడం తేలికే, మా వీధిలో ఇద్దరు ఇప్పటికే మార్చుకున్నారు. కానీ మొదటి ఏడాదిన్నర మీ సేవ నిజంగా బాగుండేది, అందుకే అదే స్థితికి తీసుకురమ్మని అడుగుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
హేమంత్
కొర్లగుంట, తిరుపతి

జతపరచినవి: నవంబరు 3–16 పరీక్షల పట్టిక, ఆట నెట్‌వర్కు గ్రాఫుల చిత్రాలు, మోడెం కాంతి స్థాయి చిత్రం, మూడు పాత ఫిర్యాదుల ఎస్ఎమ్మెస్‌లు