ఆ ఆరుగురు ఎక్కడికి పోయారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మార్చి 2020లో మీ జర్నల్లో వచ్చిన, కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందన్న పేపర్ గురించే రాస్తున్నానండి. మందు తీసుకున్నవాళ్లు 26 మంది, లెక్కేసింది మాత్రం 20 మందినే. మిగతా ఆరుగురిలో ముగ్గురు ఐసీయూకి వెళ్లారు, ఒకాయన చనిపోయారు, ఒకరు ఆసుపత్రి వదిలి వెళ్లిపోయారు, ఇంకొకరు వికారం వల్ల మందు ఆపేశారు. ఇది పేపర్లోనే రాసుంది, కానీ శాతాల దగ్గరికి వచ్చేసరికి ఈ ఆరుగురూ లేరు! 20లో 14 మందికి నెగటివ్ అంటే 70 శాతం, అదే 26 మీద వేస్తే 54 శాతమే, అయినా శాతం కంటే నాకు బాధేసింది ఏంటంటే ఐసీయూకి వెళ్లినవాళ్లు, చనిపోయినాయన మందు వాడిన గ్రూపులోనే ఉండి కూడా ఫలితంలో లేకపోవడం.

పైగా చూసిందేమో ఆరో రోజు ముక్కు స్వాబ్‌లో వైరస్ ఉందా లేదా అని. పేషెంట్ ఇంటికి వెళ్లాడా, ఆక్సిజన్ అవసరం పడిందా, బతికాడా అన్నది కదా అసలు చూడాల్సింది. ఆ పేపర్ చూసి జనం ఈ మందు కోసం ఎగబడితే, ఇక్కడ రోజూ ఇదే మందు వాడే మా లూపస్ పేషెంట్ ఒకావిడ ఖాళీ స్ట్రిప్ పట్టుకుని మూడు షాపులు తిరిగి మాత్రలు దొరక్క నా దగ్గరికొచ్చారు.

దయచేసి 26 మంది మీద లెక్క మళ్లీ వేయించి, సవరణ వేయండి.

ఇట్లు,
ఒక రుమటాలజీ డాక్టర్, వరంగల్